చివరి నాలుగు పాళ్ల నీళ్లు

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆల్కహాల్ రెండు రకాల సీసాల్లో ఉండేది. రెక్టిఫైడ్ స్పిరిట్ బల్ల మీదే ఉండేది. స్పిరిట్ దీపాల్లోకీ, బీకర్లు కడుక్కోవడానికీ అదే వాడేవాళ్లం. ఆబ్సొల్యూట్ ఆల్కహాల్ మాత్రం బీరువాలో, తాళం వేసి ఉండేది. రెండింటికీ రంగు లేదు, వాసన ఒకటే. తేడా అంతా కొద్దిపాటి నీళ్లలోనే ఉంది. చిటికెడు తెల్లటి అనార్ద్ర మైలుతుత్తం వేస్తే మొదటి సీసాలోని ద్రవంలో అది నీలంగా మారుతుంది, రెండో దాంట్లో తెల్లగానే ఉండిపోతుంది. ఇంకోసారి మరిగించి ఆవిరి పట్టుకుంటే మొదటిది రెండోది అయిపోదా అని మాస్టారిని అడిగాను. "చేసి చూడు" అన్నారాయన. మధ్యాహ్నమంతా కూర్చుని చేశాను. థర్మామీటరు 78 డిగ్రీల దగ్గర నిలబడిపోయింది. కండెన్సర్ కింద పట్టిన ద్రవంలో వేసిన మైలుతుత్తం ప్రతిసారీ నీలంగానే మారింది.

నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర, ఆల్కహాల్ 78.3 దగ్గర. దాదాపు 22 డిగ్రీల ఎడం ఉన్న రెండు ద్రవాలు ఎందుకు విడిపోవు? మొదట్లో అవి బాగానే విడిపోతాయి. పులిసిన ద్రావణంలో బరువులో 8 శాతం ఆల్కహాల్ ఉందనుకుందాం. అది దాదాపు 93 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మొట్టమొదట లేచే ఆవిరిని పట్టి చల్లారిస్తే అందులో ఆల్కహాల్ సుమారు 46 శాతం ఉంటుంది. ఒక్క అంగలో ఎనిమిది నుంచి నలభై ఆరు! ఆ ద్రవాన్ని మళ్లీ మరిగించి తొలి ఆవిరిని పడితే 76 వస్తుంది. ఆ తర్వాత 84, దాని తర్వాత 88, మరోసారి 90, ఇంకోసారి 91. అంగలు ఎలా కుంచించుకుపోతున్నాయో చూడండి. డిస్టిలరీల్లో ఆ ఎత్తైన కాలమ్ లోపల ట్రేలు వరసగా అమర్చి ఉండేది ఇందుకే. ఒక్కో ట్రే మీద ఒక్కో మరుగు, ఒక్కో అంగ. ట్రేలు పెంచుకుంటూ పోతే 92, 93, 94 కూడా దాటవచ్చు. కానీ 95.6 శాతం దగ్గర ఆ అంగ సున్నా అయిపోతుంది. అక్కడ ద్రవంలో ఏ పాళ్లు ఉన్నాయో ఆవిరిలోనూ సరిగ్గా అవే పాళ్లు. ఇక ఎన్ని వందల ట్రేలు పెట్టినా ఆ 4.4 పాళ్ల నీళ్లు కదలవు.

ఇక్కడొక చిన్న పొరపాటును సరిదిద్దాలి. పాఠ్యపుస్తకాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. 95.6 అన్నది బరువు లెక్క. ఘనపరిమాణం లెక్కలో అదే మిశ్రమం 97 శాతం పైనే ఉంటుంది. రెక్టిఫైడ్ స్పిరిట్ సీసా మీద ఉండే 95 మాత్రం ఘనపరిమాణం లెక్క. బరువులో అది 92 శాతం చిల్లర. అంటే ఫ్యాక్టరీ ఆ గోడ దాకా వెళ్లదు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఒక్కో శాతానికి ట్రేలూ, ఆవిరి ఖర్చూ విపరీతంగా పెరుగుతాయి కాబట్టి కాస్త ముందే ఆగిపోతుంది.

గోడ ఎందుకు లేచిందో తెలియాలంటే, అది లేకపోతే ఎలా ఉండేదో ముందు లెక్క కట్టాలి. ఫ్రాంస్వా మారీ రౌల్ట్ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1880లలో ఒక సులువైన నియమం చెప్పాడు. ప్రతి ద్రవానికీ ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆవిరైపోవాలనే ఒత్తిడి ఒకటి ఉంటుంది. దాన్నే ఆవిరి పీడనం అంటారు. రెండు ద్రవాలు కలిపితే, అణువుల లెక్కన ఎవరి వాటా ఎంతో వాళ్ల ఒత్తిడి అంతకు తగ్గుతుంది. పది అణువుల్లో ఒకటి నీటిదైతే నీటి ఆవిరి పీడనం పదో వంతు అవుతుంది. పక్కన ఉన్నది సొంత అణువా, పరాయి అణువా అన్న తేడా ఏ అణువుకీ లేకపోతే ఇలాగే జరుగుతుంది. అలాంటిదే ఆదర్శ ద్రావణం.

ఇప్పుడు ఆ గోడ దగ్గరి మిశ్రమాన్నే తీసుకుందాం. బరువులో 95.6 శాతం అంటే అణువుల లెక్కన ప్రతి వందలో 89.4 ఆల్కహాల్‌వి, 10.6 నీటివి. సాధారణ వాతావరణ పీడనం, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం కింద ఇది 78.15 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర శుద్ధ ఆల్కహాల్ ఆవిరి పీడనం సుమారు 755, శుద్ధమైన నీటిది సుమారు 329. రౌల్ట్ చెప్పినట్టే జరిగితే ఆల్కహాల్ వంతు 675, నీటి వంతు 35, మొత్తం 710 రావాలి. అప్పుడు ఆవిరిలో నీటి వాటా ఇరవయ్యింట ఒకటి మాత్రమే. ద్రవంలో పదింట ఒకటి, ఆవిరిలో ఇరవయ్యింట ఒకటి. కాబట్టి మరిగించిన ప్రతిసారీ నీళ్లు సగానికి సగం తగ్గుతూ పోవాలి. నాలాంటి విద్యార్థి కూడా ఓ మధ్యాహ్నంలో ఆబ్సొల్యూట్ ఆల్కహాల్ తీసేయగలగాలి.

అసలు కొలత అలా రాదు. మొత్తం పీడనం 710 కాదు, 760. పెరిగిన ఆ యాభైలో దాదాపు అంతా నీటి పుణ్యమే. ఆల్కహాల్ వంతు 675కి బదులు 679. చెప్పుకోదగ్గ తేడా లేదు. నీటి వంతు మాత్రం 35కి బదులు 81. ఆల్కహాల్ మధ్య చిక్కుకున్న నీటి అణువు, తన వాటాకు రావలసిన దానికంటే 2.3 రెట్ల ఆత్రంతో బయటికి దూకుతోంది. నియమం చెప్పినదానికంటే పీడనం పెరగడాన్నే ధన విచలనం అంటారు. ఆ 2.3 లాంటి అంకెకు పుస్తకాల్లో క్రియాశీలతా గుణకం అని పేరు. మనం ఇక్కడ ఆత్రం అనే అనుకుందాం.

ఈ కథకంతటికీ కీలకం ఆ 2.3లోనే ఉంది. శుద్ధ ఆల్కహాల్ పీడనం 755ని నీటి పీడనం 329తో భాగించండి. వచ్చేదీ 2.3యే. ఇది కాకతాళీయం కాదు. ఆవిరయ్యే గుణంలో ఆల్కహాల్‌కు నీటి మీద పుట్టుకతో ఉన్న ఆధిక్యం 2.3 రెట్లు. ఆల్కహాల్ చిక్కబడేకొద్దీ అందులోని నీటి ఆత్రం క్రమంగా పెరుగుతుంది. పెరిగి పెరిగి అదీ 2.3ను అందుకున్నచోట ఆల్కహాల్ ఆధిక్యం పూర్తిగా చెల్లిపోతుంది. రెండు రకాల అణువులూ తమ తమ వాటాల ప్రకారమే ఆవిరిలోకి వెళతాయి. అదే గోడ.

ఆ గోడకు అవతల ఏముంటుంది? అక్కడ నీటి ఆత్రం ఇంకా పెరిగి, ఒకటీ అరా నీటి అణువులే మిగిలిన ఆల్కహాల్‌లో దాదాపు 2.5కి చేరుతుంది. 2.3ను అది దాటిపోయింది కాబట్టి వరస తలకిందులవుతుంది. 98 శాతం ఆల్కహాల్‌ను మరిగిస్తే ఆవిరిలోకి ముందుగా ఎక్కువ పాళ్లలో వెళ్లేది నీళ్లు! వంద డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, డెబ్భై ఎనిమిది దగ్గర మరిగేదానికంటే ముందు బయటపడుతుంది. పైన కండెన్సర్‌లోకి 95.6 వైపు జారే మిశ్రమం పోతుంది, అడుగున పాత్రలో ఆల్కహాల్ మరింత శుద్ధమవుతూ మిగులుతుంది. అంటే అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా ఆవిరి చేరేది ఆ ఒక్క చోటికే. ఈ మిశ్రమం మరిగే 78.15 డిగ్రీలు శుద్ధ ఆల్కహాల్ మరిగే 78.3 కంటే కూడా తక్కువ. మరుగుబిందువుల గీతలో అదే అట్టడుగు గుంట.

2.5కీ 2.3కీ మధ్య ఎడం ఎంత సన్నగా ఉందో గమనించారా? నీటి ఆత్రం అంతా పెరిగి కూడా ఆల్కహాల్ ఆధిక్యాన్ని అంతంత మాత్రంగానే దాటింది. గోడ యాభై దగ్గరో డెబ్భై దగ్గరో కాకుండా శుద్ధ ఆల్కహాల్‌కు అంత చేరువలో ఉండటానికి కారణం ఇదే.

దీని బంధువులను చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మిథనాల్, నీళ్లు కలిపినా ధన విచలనమే ఉంటుంది. కానీ మిథనాల్ మరిగేది 64.7 డిగ్రీల దగ్గర. ఆ ఉష్ణోగ్రతకు నీటి పీడనం 185 మాత్రమే కాబట్టి మిథనాల్ ఆధిక్యం నాలుగు రెట్లు దాటుతుంది. మిథనాల్‌లో నీటి ఆత్రం ఆ దరిదాపులకు కూడా రాదు. అందుకే అక్కడ గోడ లేదు. మామూలు కాలమ్‌తోనే నీళ్లనుంచి మిథనాల్‌ను విడదీస్తారు. ఇథనాల్‌కంటే ఒక కార్బన్ ఎక్కువున్న ప్రొపనాల్ 97 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీటితో దానికి ఎడమే లేదు. నీటి ఆత్రమేమో ఇంకా ఎక్కువ. దాని గోడ బరువులో సుమారు 72 శాతం దగ్గరే అడ్డుపడుతుంది. బ్యూటనాల్ దాకా వస్తే పడని తనం ముదిరి, కొన్ని పాళ్లలో కలిపితే రెండూ పైనొక పొర, కిందొక పొరగా విడిపోతాయి. ధన విచలనం ఒక్కటే ఉంటే చాలదు, మరుగుబిందువులూ దగ్గరగా ఉండాలి. రెండూ కలిసివచ్చినప్పుడే గోడ లేస్తుంది.

సరే, నీటికి ఆ ఆత్రం ఎందుకు? ఇక్కడే నాకు చాలాకాలం మింగుడుపడని చిక్కొకటి ఉంది. ఆల్కహాల్, నీటి అణువుల మధ్య ఆకర్షణ తక్కువ కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయని మేం పరీక్షల్లో రాసేవాళ్లం. కానీ ఒక గ్లాసులో 50 మిల్లీలీటర్ల నీళ్లు, 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్ కలిపి చూడండి. వంద రాదు. 96, 97 దగ్గర ఆగుతుంది. గ్లాసు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. కుంచించుకోవడం, వేడి పుట్టడం రెండూ స్నేహానికి గుర్తులు. మెండలీవ్ 1865లో తన డాక్టరేట్ కోసం ఆల్కహాల్, నీళ్ల కలయిక మీదే పరిశోధించి ఈ కుంచింపును జాగ్రత్తగా కొలిచాడు. ఇంత స్నేహంగా కలిసేవి మళ్లీ ఎందుకు పారిపోవాలని చూస్తాయి?

అణువు ద్రవంలో ఉండాలా, ఆవిరిలోకి పోవాలా అన్నది ఒక్క ఆకర్షణతో తేలదు. ద్రవంలో దానికి ఎంత వెసులుబాటు ఉంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఆ వెసులుబాటు కొలతే ఎంట్రోపీ. నీటి అణువు నాలుగు చేతుల మనిషి లాంటిది. పక్కవాళ్లతో నాలుగు హైడ్రోజన్ బంధాలు కలపగలదు. ఇథనాల్ అణువుకు ఒక కొసన నీటి లాంటి చెయ్యి ఉంది. రెండో కొసన నూనె స్వభావం గల చిన్న తోక ఉంది. ఆ తోకను నీళ్లు పట్టుకోలేవు. ఎక్కువ నీళ్లలో కొంచెం ఆల్కహాల్ పడినప్పుడు, తోక చుట్టూ నీటి అణువులు తమ చేతులు వదలకుండా ఒక పద్ధతిలో సర్దుకుని నిలబడాల్సి వస్తుంది. బంధాలు గట్టిగానే ఉంటాయి కాబట్టి వేడి పుడుతుంది, చోటు కలిసివస్తుంది. కానీ ఇష్టం వచ్చినట్టు తిరిగే స్వేచ్ఛ పోతుంది. ఆకర్షణ వల్ల వచ్చిన లాభంకన్నా స్వేచ్ఛ పోయిన నష్టమే ఎక్కువ. అందుకే పలచటి ద్రావణంలో ఆల్కహాల్ ఆత్రం మరుగు ఉష్ణోగ్రతల దగ్గర ఐదు రెట్లు దాటుతుంది. 8 శాతం నుంచి 46కు పడిన ఆ మొదటి పెద్ద అంగ దీని చలవే. కాలమ్ అడుగున మనకు మేలు చేసే గుణమే పైకి వెళ్లాక గోడై నిలుస్తుంది.

పైన, ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నచోట, ఇరకాటం నీటిది. చుట్టూ తోకలే. నాలుగు చేతులకూ ఆసరా దొరకడం కష్టం. పైగా వేడి ఎక్కేకొద్దీ కలిసినప్పుడు పుట్టే వేడి తగ్గుతూ వస్తుంది. మరుగు దరిదాపుల్లో, ఆల్కహాల్ ఎక్కువున్న మిశ్రమాల్లో అది తిరగబడి, కలవడానికే కొంచెం వేడి పీల్చుకుంటుంది. గ్లాసులో మనకు కనిపించిన స్నేహం కాలమ్ పై భాగంలో మిగలదు. మిథనాల్, నీళ్ల మిశ్రమాన్ని న్యూట్రాన్‌లతో పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఆల్కహాల్ మధ్య నీటి అణువులు చిన్న చిన్న గుంపులుగా చేరి ఉండటం కనిపించింది. కంటికి ఒకే ద్రవంలా ఉన్నా అణువుల స్థాయిలో అవి పూర్తిగా కలగలిసిపోలేదు. రౌల్ట్ నియమానికి కావలసిందేమో పూర్తిగా చెల్లాచెదురైన కలయిక.

ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒకే పాళ్లతో మరిగే ద్రవాన్ని చూసి అదొక కొత్త సమ్మేళనమేమో అనుకోవడం సహజం. పీడనం మార్చి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. సమ్మేళనమైతే పాళ్లు మారకూడదు. జాన్ వేడ్, రిచర్డ్ మెరిమన్ 1911లో సరిగ్గా ఈ పని చేశారు. ఆల్కహాల్, నీటి మిశ్రమాన్ని ఎక్కువ, తక్కువ పీడనాల కింద మరిగించి, గోడ చోటు మారుతుందని చూపించారు. మారకుండా మరిగేది అనే అర్థంలో గ్రీకు మాటలతో అజియోట్రోప్ అన్న పేరు పెట్టిందీ వాళ్లే. పీడనం తగ్గించేకొద్దీ గోడ శుద్ధ ఆల్కహాల్ వైపు జరుగుతుంది. సుమారు 70 మిల్లీమీటర్ల కిందికి పోతే అసలు లేకుండానే పోతుంది. మన రెండంకెల లెక్క ఇక్కడా సరిపోతుంది. అంత తక్కువ పీడనంలో ఆల్కహాల్ 28 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ ఉష్ణోగ్రతకు నీటి మీద దాని ఆధిక్యం 2.3 నుంచి 2.5 దాకా పెరుగుతుంది. నీటి ఆత్రం ఇక దాన్ని అందుకోలేదు.

అయితే వాక్యూమ్‌తోనే పని కానిచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది. గోడ కూలినా దాని చుట్టుపక్కల దారి ఎగుడే. ద్రవం, ఆవిరి పాళ్ల మధ్య తేడా అతి స్వల్పం కాబట్టి ట్రేలు చాలా కావాలి. పలచబడిన ఆవిరికి కాలమ్ బాగా లావుండాలి. 28 డిగ్రీల ఆవిరిని ద్రవంగా మార్చడానికి మన ఎండల్లో మామూలు కూలింగ్ నీళ్లు చాలవు, చల్లబరిచిన నీళ్లు కావాలి. ఈ ఖర్చుల వల్ల పరిశ్రమ ఆ దారి పట్టలేదు.

1902లో సిడ్నీ యంగ్ కనిపెట్టిన ఉపాయం మరో రకం. నీటికి ఆల్కహాల్ కంటే కూడా పడని బెంజీన్‌ను తెచ్చి కలిపాడు. అప్పుడు మూడూ కలిసి 64.9 డిగ్రీల దగ్గర మరిగే కొత్త మిశ్రమం ఏర్పడి, నీళ్లను తనతో ముందే పైకి లాక్కుపోతుంది. నీళ్లు పోయిన ఆల్కహాల్ అడుగున మిగులుతుంది. దశాబ్దాల పాటు ఆబ్సొల్యూట్ ఆల్కహాల్ ఇలాగే తయారైంది. చిక్కేమిటంటే అందులో కాస్త బెంజీన్ మిగిలిపోవచ్చు. బెంజీన్ క్యాన్సర్ కారకం. అతినీలలోహిత కాంతితో కొలతలు తీసేవాళ్లు 255 నానోమీటర్ల చుట్టూ సన్నటి దంతాల్లాంటి గీతలు కనపడితే ఆ సీసా చరిత్ర పసిగట్టేస్తారు. మా బీరువాలోని సీసా అంత శుద్ధమైనదైనా పొరపాటున కూడా నాలిక మీద వేసుకోవద్దని మాస్టారు ఎందుకు హెచ్చరించేవారో నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మన పెట్రోలు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కోసం ఈ గోడను రోజూ దాటాల్సిందే. పెట్రోలుకు నీళ్లంటే పడదు. తడి ఆల్కహాల్ కలిపితే, నీళ్లు ఒక హద్దు దాటగానే ఆల్కహాల్‌నూ వెంటబెట్టుకుని ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి. అందుకే ఇంధన ఇథనాల్ ఘనపరిమాణంలో 99.5 శాతమైనా ఉండాలి. దీనికి ఇవాళ ఎక్కువగా వాడేది మాలిక్యులర్ సీవ్, అంటే అణువుల జల్లెడ. జియోలైట్ అనే ఖనిజంతో చేసిన చిన్న గుళికలవి. వాటి రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. నీటి అణువు వెడల్పు సుమారు 2.8, ఇథనాల్‌ది సుమారు 4.4. నీళ్లు రంధ్రాల్లోకి దూరి లోపలి గోడలకు అంటుకుపోతాయి, ఇథనాల్ పట్టక పక్కనుంచి సాగిపోతుంది. ఇక్కడ ఎవరు ముందు ఆవిరవుతారన్న పోటీయే లేదు. అందుకే అజియోట్రోప్ కూడా అడ్డురాదు.

గుళికలు నింపిన తొట్లు రెండు ఉంటాయి. కాలమ్ నుంచి వచ్చిన తడి ఆవిరిని మరికాస్త వేడెక్కించి ఒక తొట్టిలోకి పంపుతారు. ఆ అదనపు వేడి తప్పనిసరి. ఆవిరిలో ద్రవపు చుక్కలు ఉంటే గుళికలు పగిలి పొడి అయిపోతాయి, పొడి పోగైతే ఆవిరికి దారి మూసుకుపోతుంది. మొదటి తొట్టి నీళ్లతో నిండుతుండగా, రెండో తొట్టిని వాక్యూమ్‌లో పెట్టి, తయారైన పొడి ఆల్కహాల్ ఆవిరిలో కొంత భాగాన్నే వెనక్కి తోలి కడుగుతారు. కొన్ని నిమిషాలకోసారి వాల్వులు తిరగబడి తొట్ల వంతులు మారతాయి. బయటికొచ్చే ఆల్కహాల్‌లో తేమ ఎంతో కార్ల్ ఫిషర్ పరీక్షతో చూస్తూ ఉంటారు. తేమ మెల్లగా పెరుగుతోందంటే గుళికలు అలిసిపోతున్నాయనో, కడుగుడు చాలడం లేదనో అర్థం. కడిగినప్పుడు వచ్చిన తడి ఆల్కహాల్‌ను పారబోయరు. అది మళ్లీ కాలమ్‌లోకి చేరి, ట్రే మీద ట్రే ఎక్కుతూ, గోడకు కాస్త ఇవతల దాకా వచ్చి మళ్లీ ఆవిరిగా తొట్టిలోకి వెళుతుంది.